నలభై ఎనిమిది బొమ్మలు, ఒకే చేతి గీత

ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మే ఒక చిన్న కొట్టు ఉందనుకుందాం. బొంగరాలు, కుంకుమ భరిణెలు, లక్కపిడతలు, ఎడ్లబండ్లు అన్నీ కలిపి 48 రకాలు. వాటన్నిటికీ ఒక కేటలాగు వేయాలి. ఫోటోలు ఉన్నాయి కానీ అవి ఒక్కరోజున తీసినవి కావు. సగం ట్యూబులైటు కింద కౌంటరు మీద తీసినవి, కొన్ని మిట్టమధ్యాహ్నం గుమ్మం దగ్గర తీసినవి, మిగిలినవి బొమ్మలు చేసినవాళ్లు వాట్సాప్‌లో పంపినవి. విడివిడిగా చూస్తే ఏ ఫోటోకూ వంక పెట్టలేం. పన్నెండింటిని ఒకే పేజీలో పేర్చగానే చిక్కు బయటపడుతుంది. ఒకదాని వెనక గోడ పచ్చగా ఉంటుంది, ఇంకోదాని కింద బల్ల చెక్క కనిపిస్తుంది. చూసేవాడి కన్ను ముందు ఆ తేడాలనే పట్టుకుంటుంది, బొమ్మకూ బొమ్మకూ ఉన్న తేడా దాని వెనక పడిపోతుంది.

దీనికి ఒక మంచి మందు ఏమిటంటే ఫోటోలన్నిటినీ గీసిన బొమ్మల్లా మార్చేయడం. పట్టుగా ఉండే నల్ల గీత, లెక్కపెట్టినన్ని రంగులు, తెల్లటి నేపథ్యం. ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక 1979లో కెవిన్ స్ప్రౌల్స్ అనే చిత్రకారుడి చేత ఒక పద్ధతి మొదలుపెట్టించింది. వార్తల్లోని మనుషుల ముఖాలను ఫోటో ఆధారంగా చిన్న చిన్న చుక్కలతో, గీతలతో సిరాలో గీయడం ఆ పద్ధతి. ఒక్కో ముఖానికి గంటలు పట్టేది. ఆ తర్వాత చాలామంది చిత్రకారులు అదే పని చేశారు. అయినా పాఠకుడికి అన్ని ముఖాలూ ఒకే చేయి గీసినట్టే కనిపిస్తాయి. బొమ్మ సైజు, చుక్కలు పరిచే తీరు, ముఖంలో ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయాలు ఎదుటనున్న ముఖాన్ని బట్టి మారకపోవడమే అందుకు కారణం.

కంప్యూటరుతో చేసేటప్పుడు సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారు. ఫోన్లలో దొరికే కార్టూన్ ఫిల్టర్లు దాదాపు అన్నీ ఏ ఫోటోకి ఆ ఫోటోనే కొలుస్తాయి. చీకటిగా ఉంటే వెలుగు పెంచుతాయి, రంగులు పేలవంగా ఉంటే దట్టం చేస్తాయి, గీత ఎక్కడ పడాలో ఆ ఫోటోలోని వెలుగునీడల సగటును బట్టి తేల్చుకుంటాయి. ఒక్క ఫోటోకైతే ఈ తెలివి బాగానే పనికొస్తుంది. 48 ఫోటోలకు మాత్రం 48 రకాల సర్దుబాట్లు జరుగుతాయి. ఎర్ర బొంగరం పక్కన మరో ఎర్ర బొంగరం పెట్టి చూస్తే రెండింటి ఎరుపూ వేరు. దుకాణంలో అవి రెండూ ఒకే లక్క కడ్డీ నుంచి వచ్చినవి.

నేర్చుకునే యంత్రాలతోనూ ఇదే పేచీ, మరికాస్త మెత్తని రూపంలో. 2015లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో గాటిస్, ఎకర్, బెత్గె అనే ముగ్గురు పరిశోధకులు ఒక సంగతి చూపించారు. వస్తువుల్ని గుర్తుపట్టడానికి తయారుచేసిన న్యూరల్ నెట్‌వర్క్ లోపల ఒక చిత్రం తాలూకు రూపాన్నీ, దాని శైలినీ విడదీసి కొలవవచ్చు. అలా కొలవగలిగితే ఏ ఫోటోనైనా వాన్ గో కుంచెతో వేసినట్టు మార్చవచ్చు. చూడ్డానికి అద్భుతమే. అయితే ఆ కుంచె మెలికలకు బొమ్మ అంచు ఎక్కడుందో పట్టదు, గోడ మీద ఎలా తిరుగుతాయో భరిణె మీదా అలాగే తిరుగుతాయి. ఆ తర్వాత వచ్చిన డిఫ్యూజన్ మోడళ్లు ఫోటోకి కొంత గందరగోళపు చుక్కల్ని కలిపి, వాటిని మెల్లమెల్లగా తుడుస్తూ కొత్త చిత్రాన్ని పుట్టిస్తాయి. కలిపే చుక్కలు తక్కువైతే ఫోటో ఫోటోలాగే ఉండిపోతుంది. ఎక్కువైతే శైలి బాగా వస్తుంది కానీ, మూడు చారల బొంగరానికి నాలుగో చార మొలుస్తుంది, లక్కపిడతల్లోని చెంబుకి కొమ్ము వస్తుంది. అంచుల గీతల్ని ముందే ఇచ్చి మోడల్‌ను వాటికి కట్టిపడేసే కంట్రోల్‌నెట్ అనే పద్ధతి 2023లో వచ్చింది. దానితో ఆకారం చాలావరకు నిలబడుతుంది, రంగు మాత్రం ఇంకా జారుతూనే ఉంటుంది. చారల సంఖ్యనూ రంగునూ చూసి కొనే సరుకుకి ఈ దారి ప్రమాదకరం. పండగ ప్రకటనకో, కేటలాగు అట్టకో వాడుకోవచ్చు. లోపలి పేజీలకు మాత్రం ఊహ అనేదే లేని లెక్క కావాలి.

అలాంటి లెక్క 2006 నుంచీ అందుబాటులో ఉంది. వినెమోలర్, ఓల్సెన్, గూచ్ అనే ముగ్గురు ఆ ఏడాది వీడియోను అప్పటికప్పుడే కార్టూన్‌లా మార్చే పద్ధతి ఒకటి ప్రచురించారు. అందులో మూడే మెట్లు. నున్నగా చేయడం, రంగుల్ని కుదించడం, గీతలు దించడం. ఉచితంగా దొరికే ఓపెన్‌సీవీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఈ మూడింటికీ కావలసిన సరంజామా ఉంది. మన కొట్టుకి ఇది చాలు. అయితే దాన్ని వాడుకునే ముందు ఫోటోల పని కొంత ఉంది.

ఫోటోలు మళ్లీ తీయక తప్పదు. దీని మీద వాదించి లాభం లేదు. ట్యూబులైటు కింది పసుపునూ ఎండలోని పసుపునూ తర్వాత కలపడం కన్నా 48 బొమ్మల్ని ఒక పూటలో ఒకే చోట తీయడమే తేలిక. ఫోనులో వెలుగునూ, తెలుపు రంగు లెక్కనూ బూడిద రంగు కార్డు మీద ఒకసారి సరిచూసి కదలకుండా బిగించాలి. బొమ్మకి మరీ దగ్గరగా పోకుండా మీటరు దూరంలో ఉండి జూమ్ వాడాలి. దగ్గరికి వెళితే గుండ్రటి భరిణె మూతి ఉబ్బినట్టు పడుతుంది. ఇవి ఏ ఫోటోకైనా వర్తించే సంగతులే. లక్క బొమ్మకి ప్రత్యేకమైన సంగతి మరొకటుంది. అది దీపం ఎటు పెట్టాలన్నది.

ఏటికొప్పాక బొమ్మ ఎలా తయారవుతుందో గుర్తు తెచ్చుకుంటే ఈ సంగతి అర్థమవుతుంది. అంకుడు కర్ర ముక్కను లేతు మీద తిప్పుతూ ఉలితో ఆకారం తీస్తారు. అది తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. అందువల్ల రంగుచారలన్నీ బొమ్మ చుట్టూ వలయాల్లా ఉంటాయి. బొమ్మను నిలబెట్టి చూస్తే అవి అడ్డగీతలు. ఇప్పుడు దీపం పైనుంచి వేస్తే బొమ్మ ఉబ్బెత్తుగా ఉన్నచోట వెలుగు, నొక్కు ఉన్నచోట నీడ పడతాయి. అంటే వెలుగు కూడా పైనుంచి కిందకి అడ్డపట్టీలుగా మారుతుంది. రంగులు కుదించినప్పుడు ఆ నీడ మెట్లు మెట్లుగా విరుగుతుంది, ఒక్కో మెట్టూ అచ్చం ఒక లక్కచారలాగే కనిపిస్తుంది. దుకాణంలో రెండు చారలున్న బొంగరం కేటలాగులో ఐదు చారలతో తేలుతుంది. అదే దీపాన్ని పక్క నుంచి, ఎడమవైపు కిటికీలోంచి వచ్చినట్టు వేస్తే వెలుగునీడల పట్టీలు నిలువుగా పడతాయి. చారలు అడ్డంగా, నీడలు నిలువుగా. ఇక ఏది రంగో ఏది నీడో కంటికి తికమక ఉండదు. ఒక్క దీపం జరిపినందుకు దక్కే ఈ లాభాన్ని తర్వాత ఎంత సాఫ్ట్‌వేర్ తెచ్చినా తెచ్చుకోలేం.

తర్వాత నేపథ్యం తీసేసి, ప్రతి బొమ్మనూ 2000 పిక్సెళ్ల చదరంలో కూర్చోబెట్టాలి. శైలి మార్చక ముందే ఈ పని జరగాలి, వరస తిరగబడితే మొత్తం పాడవుతుంది. మార్చిన తర్వాత చిన్న ఫోటోని సాగదీస్తే దాని గీత కూడా సాగుతుంది. పక్క బొమ్మ గీత నాలుగు పిక్సెళ్లుంటే దీనిది ఎనిమిదవుతుంది. కేటలాగు రెండు చేతులు గీసినట్టు కనిపించడానికి ఆ ఒక్క తేడా చాలు.

ఇప్పుడు మొదటి మెట్టు, నున్నన చేయడం. మామూలుగా మసకబారిస్తే పిక్సెల్ చుట్టూ ఉన్న పిక్సెళ్ల సగటు తీసి దాని స్థానంలో పెడతారు. కర్ర నరాలు, దుమ్ము చుక్కలు పోతాయి కానీ వాటితోపాటు అంచులూ పోతాయి. 1998లో టొమాసీ, మండూచీ ఒక చిన్న సవరణ చేసిన పద్ధతికి బైలేటరల్ ఫిల్టర్ అని పేరు పెట్టారు. సగటు తీసేటప్పుడు పొరుగున ఉన్న పిక్సెళ్లన్నిటికీ సమాన ఓటు ఇవ్వకుండా, రంగులో తనకు దగ్గరగా ఉన్నవాటికే ఎక్కువ ఓటు ఇస్తుంది. ఎరుపు అంచున ఉన్న పిక్సెల్ అవతలి పసుపును లెక్కలోకి తీసుకోదు. అందుకే ఎరుపు లోపల నున్నబడుతుంది, ఎరుపూ పసుపూ కలిసే గీత మాత్రం పదునుగానే ఉంటుంది. ఒక్కసారి బలంగా కొట్టడం కన్నా తేలికగా మూడు నాలుగు సార్లు నడిపిస్తే ఫలితం బాగుంటుంది. ఎన్నిసార్లు, ఎంత బలంతో అన్నది నిర్ణయించాక అన్ని బొమ్మలకూ అదే ఉండాలి.

రెండో మెట్టే కేటలాగుకి ప్రాణం. మొత్తం 48 బొమ్మలకూ కలిపి 16 రంగులే వాడాలని నియమం పెట్టుకున్నామనుకోండి. ఏ పదహారు?

ఇలాంటి ప్రశ్నకు కె-మీన్స్ అనే పాత లెక్క జవాబు చెబుతుంది. అన్ని పిక్సెళ్లనూ రంగుల లోకంలో చుక్కలుగా పరిచి, వాటి మధ్య 16 కేంద్రాలను పెడుతుంది. ప్రతి చుక్కా తనకు దగ్గరి కేంద్రానికి చేరుతుంది, కేంద్రం తన గుంపు మధ్యకు జరుగుతుంది. కదలిక ఆగేవరకు ఇదే వరస. రంగుల లోకం అన్నప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లలో కాక, 1976లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన ల్యాబ్ పద్ధతిలో కొలవడం మేలు. అందులో రెండు రంగుల మధ్య దూరం మన కంటికి కనిపించే తేడాకు దాదాపుగా సరిపోతుంది. దూరం రెండు, రెండున్నర ఉంటే మామూలు కన్ను అప్పుడప్పుడే తేడా పసిగడుతుంది.

ఈ లెక్కను యథాతథంగా నడిపితే ఒక అన్యాయం జరుగుతుంది. పెద్ద ఎర్ర ఎడ్లబండి చిత్రమంతా పరుచుకుని లక్షల పిక్సెళ్లు పట్టుకుంటుంది. నీలిమందు రంగు భరిణెలు రెండే, పైగా సన్ననివి. కె-మీన్స్‌కి కావలసింది మొత్తం మీద తప్పు తగ్గడం. అందుకని ఎరుపులో ఐదు ఛాయలు, పసుపులో నాలుగు, గోధుమలో ఇంకొన్ని తీసుకుని నీలానికి ఒక్క చోటు కూడా మిగల్చదు. నీలి భరిణె దగ్గరున్న ముదురు గోధుమలోకో నలుపులోకో పోయి కూర్చుంటుంది. కేటలాగు చూసి నల్లదనుకుని తెప్పించుకున్నవాళ్లు నీలం భరిణె చేతికి రాగానే ఫోను చేస్తారు. లెక్క తప్పు చేయలేదు, మనం అడిగిన ప్రశ్నే తప్పు.

దీన్ని రెండు అంచెల్లో సరిదిద్దవచ్చు. ముందు నేపథ్యాన్ని వదిలేసి ఒక్కో బొమ్మలోంచి దాని ఆరు ముఖ్యమైన రంగుల్ని విడిగా తీయాలి. 48 బొమ్మలకు 288 రంగులవుతాయి. ఇప్పుడు ఆ 288 చుక్కల మీద మళ్లీ కె-మీన్స్ నడిపి 16 కేంద్రాలు తేవాలి. ఇక్కడ బండికీ భరిణెకీ సమానంగా ఆరేసి ఓట్లు. భరిణె నీలంలోని మూడు ఛాయలు రెండు బొమ్మల నుంచీ వస్తే ఆరు ఓట్లు ఒకేచోట పడతాయి, ఒక కేంద్రం దాదాపు తప్పకుండా అటు జరుగుతుంది. ఆ మీదట చేత్తో చేయవలసిన పరీక్ష ఒకటుంది. ప్రతి బొమ్మ ప్రధాన రంగుకీ, దానికి కేటాయించిన పదహారింటిలోని రంగుకీ ల్యాబ్ దూరం చూడాలి. పది దాటిన వాటన్నిటినీ పక్కన రాసుకుని, నిజమైన బొమ్మను తెర పక్కన పట్టుకుని పోల్చాలి. సాధారణంగా చిక్కు వచ్చేది జాఫ్రా గింజల నారింజకీ ఎరుపుకీ మధ్య. రెండూ ఒకే కేంద్రంలో పడితే ఎరుపు ఛాయల్లో ఒకటి తీసేసి నారింజను చేత్తో పెట్టడమే పరిష్కారం. యంత్రం ఇచ్చిన పదహారింటిలో రెండు మూడు మార్చడానికి సంకోచించనక్కర్లేదు. ఒకసారి మార్చాక మాత్రం ఆ పట్టికను తాళం వేసి దాచాలి.

మూడో మెట్టు గీత. దీనికి చిత్రాన్ని రెండుసార్లు, ఒకసారి తక్కువగా, ఒకసారి దానికి 1.6 రెట్లు ఎక్కువగా మసకబార్చి, ఒకదానిలోంచి ఒకటి తీసేస్తారు. వెలుగు ఒక్కసారిగా మారేచోట మాత్రమే తేడా మిగులుతుంది, అక్కడే గీత పడుతుంది. ఆ 1.6 నిష్పత్తి 1980లో కన్ను అంచుల్ని ఎలా పసిగడుతుందో పరిశోధించిన మార్, హిల్డ్రెత్‌ల నుంచి వచ్చింది. మసక ఎంత అన్నదాన్ని బట్టి గీత మందం ఉంటుంది.

చిన్న బొమ్మకీ పెద్ద బొమ్మకీ గీత ఒకే మందం ఉండాలన్నాం. కానీ బొమ్మ మీది చారలు ఆ మాట వినవు. ఐదు సెంటీమీటర్ల బొంగరం తెర మీద 1600 పిక్సెళ్ల ఎత్తుకి వస్తే దాని మీది మిల్లీమీటరు చార 32 పిక్సెళ్లవుతుంది. దానికి పైనా కిందా నాలుగేసి పిక్సెళ్ల గీత పడినా మధ్యలో రంగు నిక్షేపంగా కనిపిస్తుంది. ఇరవై సెంటీమీటర్ల ఎడ్లబండిని అదే 1600 పిక్సెళ్లలోకి దించితే మిల్లీమీటరు చార ఎనిమిది పిక్సెళ్లకు కుంచించుకుపోతుంది. పైన నాలుగు, కింద నాలుగు గీతలే ఆ ఎనిమిదినీ మింగేస్తాయి. బండి చక్రానికి ఉన్న పసుపు చార నల్లపట్టీగా మారుతుంది. గీత సన్నం చేస్తే బండి బాగుపడుతుంది కానీ బొంగరం పక్కన పెడితే అది వేరే పుస్తకంలోంచి కత్తిరించి అంటించినట్టు ఉంటుంది.

ఇక్కడ పనికొచ్చే ఒప్పందం ఏమిటంటే, గీతల్ని రెండు జాతులుగా విడదీయడం. బొమ్మ బయటి అంచు గీత ఒక జాతి. అది నేపథ్యం తీసినప్పుడు దొరికిన ఆకారం నుంచే వస్తుంది, అన్ని బొమ్మలకూ ఒకే మందం. లోపలి గీతలు రెండో జాతి. వాటిని అన్నిచోట్లా బయటి గీతలో మూడో వంతుకు దించాలి, నలుపు బదులు ముదురు గోధుమ వాడాలి. పక్కపక్కన ఉన్న బొమ్మల్లో కన్ను ముందుగా పోల్చి చూసేది బయటి గీతనే. అది సమానంగా ఉంటే లోపలి సన్నదనం ఎవరికీ పట్టదు. చార మరీ సన్ననైతే గీతే వద్దు, రంగు తేడాయే దాన్ని చూపిస్తుంది.

లక్క మెరుపుది ఇంకో తగాదా. దీపం ప్రతిబింబం బొమ్మ మీద తెల్లటి మచ్చలా పడుతుంది, గీతల లెక్క దాని చుట్టూ శ్రద్ధగా ఒక వలయం గీస్తుంది. కొనేవాడికి అది పెచ్చు ఊడినట్టు కనిపిస్తుంది. దీపానికీ బొమ్మకీ మధ్య పల్చని తెల్లటి పంచె గుడ్డ కడితే మచ్చ అంచులు మెత్తబడతాయి. వెలుగు 95 శాతం దాటిన చోట లోపలి గీత వేయవద్దని లెక్కలో ఒక నిబంధన పెడితే మిగతాది పోతుంది. అలాగని మెరుపును పూర్తిగా తుడిచేయకూడదు. ఒక్క తెల్ల మచ్చయినా లేని లక్క బొమ్మ కాగితం మీద రంగు పూసిన మట్టి బొమ్మలా ఉంటుంది. ఎడమ భుజాన ఒక్క మెరుపు, అన్ని బొమ్మలకూ అటువైపే.

అన్నీ అయ్యాక తనిఖీకి పెద్ద తెర అక్కర్లేదు. 48నీ బొటనవేలి గోరంత చేసి ఒకే కాగితం మీద అచ్చువేసి, చేయి చాపినంత దూరంలో పట్టుకుంటే చాలు. జాతి తప్పినది వెంటనే పైకి లేచి కనిపిస్తుంది. ఒకటి మరీ నల్లగా ఉంటే గీత లెక్క చెడింది, ఒకటి వెలిసినట్టుంటే ఫోటో వెలుగు తప్పింది. రెండో తనిఖీ నిజం బొమ్మతో. చారలు లెక్కపెట్టి చూడాలి. ఇది చాదస్తం కాదు. కేటలాగు సరుకును ఉన్నదున్నట్టు చూపాలని చట్టం కూడా అడుగుతుంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాడి ప్రకటన వస్తువు అసలు లక్షణాలకు సరిపోవాలి. పెద్ద ఆన్‌లైన్ అంగళ్లు కొన్ని ముఖచిత్రంగా తెల్ల నేపథ్యం మీది అసలు ఫోటోనే అడుగుతాయి. అందుకని గీసిన బొమ్మ కొట్టు సొంత కేటలాగుకి, గోడ పోస్టరుకి, వాట్సాప్ జాబితాకి. పక్కనే చిన్నదైనా అసలు ఫోటో ఒకటి ఉండటం కొట్టువాడికే మంచిది.

ఈ పద్ధతి అన్ని సరుకులకూ నప్పదు. పోచంపల్లి ఇక్కత్ చీరలో అందమంతా దారం రంగు అంచున కొద్దిగా చెదరడంలోనే ఉంది. నున్నన చేసే మొదటి మెట్టే దాన్ని తినేస్తుంది, మిగిలేది అచ్చు గుడ్డ. బంగారు నగలకైతే రంగు కన్నా ప్రతిబింబాలే ముఖ్యం, పదహారు రంగుల్లో అవి ఇత్తడిగా మారతాయి. స్పష్టమైన ఆకారం, పెద్ద పెద్ద రంగు జాగాలు ఉన్నవాటికి బాగా కుదురుతుంది. ఊరగాయ జాడీలు, చెక్క సామాను, స్టీలు కాని వంటగిన్నెలు, సబ్బులు ఆ కోవలోవి.

అసలు పరీక్ష కేటలాగు అచ్చయ్యాక వస్తుంది. ఆర్నెల్లకి 49వ బొమ్మ కొట్టుకి చేరుతుంది, పాత పట్టికలో లేని చిలకాకుపచ్చ రంగుతో. అదే దీపం, అదే దూరం, అదే బూడిద కార్డు వాడి ఫోటో తీస్తే సగం పని అయినట్టే. రంగు సంగతికి రెండు దారులున్నాయి. మొత్తం 49 మీద లెక్క మళ్లీ నడిపితే పదహారూ కొద్దికొద్దిగా కదులుతాయి, పాత పేజీలూ కొత్త పేజీలూ కలవవు, అన్నీ తిరిగి అచ్చు వేయాలి. లేదంటే పాత పదహారింటినీ ముట్టుకోకుండా చిలకాకుపచ్చను పదిహేడో రంగుగా చేర్చి, ఆ ఒక్క బొమ్మకే వాడుకోవచ్చు. చిన్న కొట్టుకి రెండో దారే నయం. అలా చేర్చిన రంగులు నాలుగైదు దాటితే అప్పుడు కూర్చుని కొత్త పట్టిక కట్టుకుని, మార్చని అసలు ఫోటోల నుంచి అన్ని బొమ్మలనూ మళ్లీ నడిపించాలి. అందుకే ఆ అసలు ఫోటోలనూ, పట్టికనూ, మసక ఎంత, గీత ఎంత అన్న అంకెలనూ ఒకే ఫోల్డరులో తేదీ వేసి దాచుకోవాలి.